టేపు చెప్పే బరువు, సీసా అడిగే బరువు

నట్టల మందు సీసా మీద "కిలో శరీర బరువుకు 7.5 మిల్లీగ్రాములు" అని ఉంటుంది. ఎదురుగా ఆవు నిలబడి ఉంటుంది. దాన్ని నిలబెట్టి తూచే కాటా మాత్రం ఉండదు. అప్పుడు ఎక్కువ మంది చేసే పని ఒకటే. ఆవును ఒకసారి పైకీ కిందికీ చూసి "మూడు వందల కిలోలు ఉంటుందేమో" అనుకుని మందు పోసేస్తారు. కంటితో వేసే ఈ అంచనాలో పెద్ద ఇబ్బంది ఏమిటంటే, తప్పు ఎంత ఉందో, ఏ వైపు ఉందో మనకు తెలియదు. ఛాతీ చుట్టుకొలత టేపుతో కూడా తప్పు వస్తుంది. కానీ అది ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు, సుమారు ఎంత ఉంటుందో లెక్క కట్టొచ్చు. డోసు నిర్ణయించేటప్పుడు పనికొచ్చేది ఆ తెలివిడే.

ముందు టేపు సంగతి చూద్దాం. పశువుల బరువు టేపులు రెండు రకాలు. మొదటి రకం మీద ఒక పక్క సెంటీమీటర్లు, ఇంకో పక్క కిలోలు అచ్చు వేసి ఉంటాయి. ఛాతీ చుట్టూ తిప్పి కిలోలు చదువుకుంటే చాలు. రెండోది మామూలు కొలత టేపు. దాంతో చుట్టుకొలత, ఒంటి పొడవు రెండూ తీసుకుని సూత్రంలో వేయాలి. చాలా కాలంగా వాడుకలో ఉన్న సూత్రం షాఫర్ సూత్రం. అది మొదట అంగుళాలు, పౌండ్లలో ఉండేది. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 300తో భాగిస్తే పౌండ్లు వచ్చేవి. సెంటీమీటర్లు, కిలోల్లోకి మారిస్తే ఇలా ఉంటుంది:

```
బరువు = చుట్టుకొలత × చుట్టుకొలత × పొడవు ÷ 10840
```

ఈ 10840 ఎక్కడి నుంచి ఊడిపడిందని అనిపించవచ్చు. ఆవు ఒంటిని ఒక పీపా అనుకోండి. చుట్టుకొలత, పొడవు తెలిసిన పీపాలో ఎంత పడుతుందో లెక్క కట్టడానికి చుట్టుకొలత వర్గాన్ని పొడవుతో గుణించి 12.57తో భాగిస్తాం. వచ్చేది ఘన సెంటీమీటర్లు. పశువు ఒంటి సాంద్రత దాదాపు నీటి సాంద్రతే కాబట్టి వెయ్యి ఘన సెంటీమీటర్లకు ఒక కిలో. అంటే పీపా లెక్క ప్రకారం భాగించాల్సింది సుమారు 12570తో. సూత్రంలో ఉన్నది అంతకంటే చిన్న సంఖ్య. అందుకని జవాబు పీపా బరువు కంటే దాదాపు 16 శాతం ఎక్కువ వస్తుంది. తల, మెడ, కాళ్ళు, ఛాతీ కంటే లావుగా ఉండే పొట్ట, ఇవన్నీ సుమారుగా ఆ 16 శాతంలో సర్దుకుంటాయి. సూత్రం బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి. సగటు ఆకారం ఉన్న పశువుకు అది బాగానే సరిపోతుంది. ఆకారం సగటుకు దూరమయ్యే కొద్దీ తేడా పెరుగుతుంది.

ఇప్పుడు కొలత తీయడం. పశువును చదునైన నేల మీద, నాలుగు కాళ్ళూ సమంగా ఉండేలా నిలబెట్టాలి. తల మామూలు ఎత్తులో ఉండాలి. మేత కోసం తల కిందికి వంచినా, తాడు లాగి పైకెత్తినా జబ్బలు కదిలి చుట్టుకొలత మారిపోతుంది. టేపు ముంగాళ్ళ వెనక, మోచేతి పక్కనుంచి, పైన మూపు వెనకగా పోవాలి. మోపురం ఉన్న పశువుల్లో టేపు మోపురం మీద కాకుండా దాని వెనక పడాలి. చాలా తప్పులు ఇక్కడే జరుగుతాయి. మోపురం మీదుగా తిప్పితే ఎక్కువ చూపిస్తుంది, బాగా వెనక్కి జరిపితే పొట్టను కొలిచినట్టవుతుంది. టేపు ఒంటికి ఆనాలి, చర్మంలోకి దిగబడకూడదు. మెలి పడిందేమో అవతలి పక్కకు వెళ్ళి చూడాలి. పశువు ఊపిరి వదిలినప్పుడు చదవాలి. ఒకసారి చదివి ఊరుకోకుండా టేపు తీసేసి మళ్ళీ చుట్టి మూడు సార్లు కొలిచి, మధ్యలో వచ్చిన సంఖ్య తీసుకోవడం మంచిది. మూడూ ఒకదానికొకటి బాగా తేడాగా వస్తుంటే పశువు కుదురుగా లేదని అర్థం. సగటు కట్టి సరిపెట్టుకోకుండా కాసేపు ఆగి మళ్ళీ కొలవాలి.

పొడవును జబ్బ ముందు పొడుచుకొచ్చే ఎముక దగ్గర మొదలుపెట్టి, వెనక తోకమట్టు కింద తగిలే పిరుదు ఎముక దాకా కొలవాలి. వీపు మీదుగా మూపు నుంచి తోక దాకా కొలిచే అలవాటు కొందరికి ఉంది. అది వేరే పొడవు, ఈ సూత్రంలో వేస్తే జవాబు తప్పుతుంది.

ఒక ఆవును తీసుకుందాం. చుట్టుకొలత 162 సెంటీమీటర్లు, పొడవు 138. 162ను 162తో గుణిస్తే 26,244. దాన్ని 138తో గుణిస్తే 36,21,672. 10840తో భాగిస్తే 334 కిలోలు. ఇదే ఆవును దూరం నుంచి చూసిన మనిషి 280 అన్నాడనుకుందాం. పెద్ద పశువులను ఇలా తక్కువగా అంచనా వేయడం మామూలే.

టేపులో ఎంత తప్పు పడితే బరువులో ఎంత తప్పు వస్తుందన్నది ఇక్కడ గమనించాలి. సూత్రంలో చుట్టుకొలత రెండుసార్లు గుణించబడుతుంది. కాబట్టి చుట్టుకొలతలో 3 శాతం తేడా వస్తే బరువులో 6 శాతం వస్తుంది. పై ఆవుకే టేపు వదులుగా పట్టుకుని 162 బదులు 167 చదివామనుకోండి. బరువు 355 అవుతుంది. 5 సెంటీమీటర్లకు 21 కిలోలు పెరిగాయి. కిలోలు అచ్చు వేసిన టేపులో ఇది ఇంకా ఎక్కువ. అందులో పొడవు కొలవరు. పెద్ద ఛాతీ ఉన్న పశువు పొడవు కూడా ఎక్కువే ఉంటుందని ముందే అనుకుని ఆ కిలోలు అచ్చు వేస్తారు. అందుకే చుట్టుకొలత తప్పు దాదాపు మూడుసార్లు గుణించినంత పని చేస్తుంది. అదే 5 సెంటీమీటర్లకు బరువు 8, 9 శాతం దాకా జరిగిపోతుంది.

టేపు చేసుకునే ఈ ఊహ వల్ల మరో చిక్కు కూడా ఉంది. ఛాతీ 162 సెంటీమీటర్లే ఉన్న రెండు ఆవుల్లో ఒకదాని పొడవు 125, ఇంకోదాని పొడవు 150 అనుకుందాం. సూత్రం ప్రకారం మొదటిది 303 కిలోలు, రెండోది 363. కిలోల టేపు మాత్రం రెండింటికీ ఒకే సంఖ్య చూపిస్తుంది. ఆ టేపును ఏ జాతి పశువులను తూచి తయారు చేశారో ఆ జాతికే అది బాగా పనిచేస్తుంది. పెద్ద పాడి జాతి కోసం చేసిన టేపును పొట్టి జాతి ఆవుకో, గేదెకో చుడితే వచ్చే సంఖ్యను గట్టిగా నమ్మలేం. గేదె ఒంటి తీరే వేరు. నా మాట అడిగితే, టేపు ఏ జాతికి చేసిందో తెలియనప్పుడు దాని మీది కిలోలను పట్టించుకోకుండా సెంటీమీటర్లు మాత్రం చదివి, పొడవు కూడా కొలిచి, సూత్రం వాడటమే నయం. నాలుగైదు పశువులను ఎక్కడైనా కాటా మీద తూచే అవకాశం దొరికితే టేపు బరువుతో పోల్చి చూడాలి. అన్నిటికీ ఒకే వైపు, ఒకే శాతం తేడా వస్తుంటే మన మందకు అంత సవరణ వేసుకోవచ్చు. ఒకదానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ వస్తుంటే అది కొలిచే చేతిలోనో, ఒక్కో పశువు ఆకారంలోనో ఉన్న తేడా, ఒకే సవరణతో పోదు.

చూడి ఆవుల విషయంలో ఒక జాగ్రత్త. కడుపులో దూడ, ఉమ్మనీరు పెంచిన బరువు ఛాతీ టేపుకు అందదు. నెలలు నిండిన ఆవు కాటా మీద తూగే బరువు టేపు బరువు కంటే బాగా ఎక్కువ ఉంటుంది. దానికి ఎంత డోసు, అసలు ఆ మందు ఇవ్వొచ్చా అన్నది పశువైద్యుడిని అడగాల్సిన విషయం. ఉదాహరణకు ఆల్బెండజోల్‌ను చూడి తొలి రోజుల్లో ఇవ్వకూడదు, పిండానికి హాని చేస్తుంది.

చిన్న పశువుల్లో టేపు తప్పు మరీ బరువుగా పడుతుంది. ఛాతీ 68 సెంటీమీటర్లు, పొడవు 62 ఉన్న మేక సూత్రం ప్రకారం 26.4 కిలోలు. 2 సెంటీమీటర్లు ఎక్కువ చదివితే 28 అవుతుంది, అంటే 6 శాతం తేడా. పైన చెప్పిన ఆవుకు అదే 2 సెంటీమీటర్లు తప్పితే రెండున్నర శాతమే. గొర్రెకు ఉన్ని ఉంటే ఆ 2 సెంటీమీటర్లు ఉన్నిలోనే పోతాయి. అందుకే మేక, గొర్రె, చిన్న దూడ లాంటి ఎత్తగలిగే జీవాలకు టేపు కంటే కాటాయే మేలు. మనిషి దాన్ని ఎత్తుకుని మామూలు బరువు యంత్రం ఎక్కి, తర్వాత ఒక్కడే ఎక్కి, రెండింటి తేడా తీస్తే సరిపోతుంది.

ఇక బరువు నుంచి మందులోకి వద్దాం. లెక్కకు మూడు సంఖ్యలు కావాలి. పశువు బరువు, కిలోకు ఎన్ని మిల్లీగ్రాముల మందు, సీసాలో ఒక్కో మిల్లీలీటరులో ఎన్ని మిల్లీగ్రాముల మందు ఉందో తెలిపే గాఢత.

```
మిల్లీలీటర్లు = బరువు × కిలోకు మిల్లీగ్రాములు ÷ మిల్లీలీటరుకు మిల్లీగ్రాములు
```

తికమక పెట్టేది మూడోదే. సీసా మీద గాఢతను చాలాసార్లు శాతంలో రాస్తారు. ద్రవ మందుల్లో 1 శాతం అంటే 100 మిల్లీలీటర్లలో ఒక గ్రాము, అంటే ఒక్కో మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు. కాబట్టి శాతాన్ని 10తో గుణిస్తే సరిపోతుంది. 10 శాతం అంటే మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు, 2.5 శాతం అంటే 25.

మన 334 కిలోల ఆవుకు ఫెన్‌బెండజోల్ కిలోకు 7.5 మిల్లీగ్రాముల చొప్పున రాశారనుకుందాం. 334ను 7.5తో గుణిస్తే 2505 మిల్లీగ్రాములు. చేతిలో ఉన్నది 10 శాతం సీసా అయితే 100తో భాగించాలి, 25 మిల్లీలీటర్లు. 2.5 శాతం సీసా అయితే 25తో భాగించాలి, 100 మిల్లీలీటర్లు. మందు అదే, సీసా మీద పేరు కూడా అదే ఉండొచ్చు, పోయాల్సింది మాత్రం నాలుగు రెట్లు తేడా. పోయినసారి ఇంత పోశాం కదా అని సీసా చదవకుండా పోసేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. టేపు తప్పు ఐదు, పది శాతం దగ్గర ఆగుతుంది. సీసా శాతం చూడకపోతే వచ్చే తప్పు 300 శాతం.

ఐవర్‌మెక్టిన్ లాంటి మందుల్లో చిక్కు ఇంకో రకంగా వస్తుంది. దాని డోసును మైక్రోగ్రాముల్లో రాస్తారు. కిలోకు 200 మైక్రోగ్రాములు అంటే 0.2 మిల్లీగ్రాములు. మన ఆవుకు 66.8 మిల్లీగ్రాములు. 1 శాతం ఇంజెక్షన్‌లో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు కాబట్టి 6.7 మిల్లీలీటర్లు. ఈ లెక్క సరిచూసుకోవడానికి తేలికైన దారి ఉంది. ఇలాంటి లేబుళ్ళ మీద "50 కిలోలకు 1 మిల్లీలీటరు" అని కూడా ఉంటుంది. 334ను 50తో భాగించినా 6.7 రావాలి. రెండు దారుల్లో వేరువేరు జవాబులు వస్తే సిరంజి కింద పెట్టి మళ్ళీ మొదలుపెట్టాలి. దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే తప్పు పది రెట్లు. అంత తప్పును లెక్క కాగితం మీద ఉన్నప్పుడే పట్టుకోగలం.

ఇప్పుడు మొదట్లో అన్న మాట దగ్గరికి రావాలి, టేపు తప్పు ఏ వైపు ఉన్నా ఫర్వాలేదా అని. మందును బట్టి జవాబు మారుతుంది. కంటి అంచనా 280 కిలోలను నమ్మి 10 శాతం ఫెన్‌బెండజోల్ పోస్తే 21 మిల్లీలీటర్లు పడుతుంది. అసలు బరువు 334 కాబట్టి ఆవుకు అందింది కిలోకు 6.3 మిల్లీగ్రాములే. ఆవుకు పైకి ఏమీ కాదు, నట్టలు కూడా చాలావరకు చస్తాయి. కానీ అన్నీ చావవు. నట్టల్లో కొన్నిటికి మందును కొంతవరకు తట్టుకునే గుణం ఉంటుంది. పూర్తి డోసు పడితే అవీ పోతాయి, డోసు తగ్గితే అవే మిగిలి గుడ్లు పెడతాయి. ప్రతిసారీ ఇలాగే జరిగితే మందలో ఆ రకమే పెరిగి, చివరికి పూర్తి డోసుకు కూడా లొంగకుండా పోతాయి. ఫెన్‌బెండజోల్‌కు భద్రతా హద్దు చాలా విశాలం, కాస్త ఎక్కువ పడినా పశువుకు ఇబ్బంది లేదు. కాబట్టి ఈ మందు దగ్గర టేపు 325 నుంచి 345 మధ్య ఊగుతుంటే పై సంఖ్య తీసుకోవాలి. మాత్రలుగా ఇవ్వాల్సి వచ్చినా అంతే. 1.5 గ్రాముల పెద్ద మాత్రలైతే మన ఆవుకు ఒకటిన్నర దాటి కావాలి. రెండు ఇస్తే కిలోకు 9 మిల్లీగ్రాములు అవుతుంది, అదేం ప్రమాదం కాదు.

లెవమిసోల్ దగ్గర ఈ ధీమా పనికిరాదు. దానికి మందు డోసుకూ విష డోసుకూ మధ్య దూరం తక్కువ. రెండు మూడు రెట్లు పడితే చొంగ కారడం, కండరాల వణుకు, తూలడం కనిపిస్తాయి. క్లోసాంటెల్ ఇంకా పట్టుగా చూసుకోవాల్సిన మందు. డోసు బాగా మించితే గొర్రెలు, మేకలకు కంటిచూపు పోవచ్చు, పోయిన చూపు సాధారణంగా తిరిగి రాదు. ఇలాంటి మందులకు టేపు అంచనాను పైకి సవరించుకుంటూ పోకూడదు. చిన్న జీవాలైతే తూచి ఇవ్వడమే తప్ప వేరే దారి లేదు.

మందలో అన్నిటికీ ఒకేసారి తాగించేటప్పుడు ఈ తేడా బాగా కనిపిస్తుంది. తక్కువ డోసు ఎవరికీ పడకూడదని మందలో అన్నిటికంటే బరువైన జీవాన్ని బట్టి డోసు పెట్టమంటారు. 18 కిలోల నుంచి 34 కిలోల దాకా ఉన్న మేకల మందలో 34ను బట్టి పోస్తే 18 కిలోల మేకకు దాదాపు 1.9 రెట్లు పడుతుంది. ఫెన్‌బెండజోల్‌కు అది సరే. లెవమిసోల్‌కు, క్లోసాంటెల్‌కు మాత్రం కుదరదు. అప్పుడు 25 కిలోల దగ్గర మందను రెండుగా విడదీసి, ఒక్కో గుంపుకు దానిలో బరువైన జీవాన్ని చూసి డోసు పెట్టాలి. చిన్న గుంపుకు 25ను బట్టి పోస్తే 18 కిలోల మేకకు పడేది 1.4 రెట్లు. ఇంకో సంగతి, గొర్రె డోసును మేకకు అలాగే వాడకూడదు. కొన్ని నట్టల మందులను మేక శరీరం గొర్రె కంటే త్వరగా బయటకు పంపేస్తుంది, అందుకే పశువైద్యులు వాటికి కిలోకు పడే మోతాదునే మార్చి రాస్తారు.

డోసు పెంచితే పాల లెక్క కూడా మారుతుంది. మందు ఇచ్చాక ఇన్ని రోజులు పాలు, మాంసం వాడకూడదని లేబుల్ మీద రాసేది సరైన డోసు పడినప్పటి మాట. రెట్టింపు పడితే ఆ రోజులు చాలతాయన్న హామీ ఉండదు, పశువైద్యుడిని అడిగి గడువు పొడిగించుకోవాలి.

లెక్క అంతా సరిగ్గా వచ్చాక మిగిలేది మందు పోసే పరికరం. 20 కిలోల మేకపిల్లకు 1 శాతం ఐవర్‌మెక్టిన్ 0.4 మిల్లీలీటర్లే. 10 మిల్లీలీటర్ల సిరంజితో అంత చిన్న కొలతను కచ్చితంగా తీయలేం, 1 మిల్లీలీటరు సిరంజి కావాలి. తాగించే మందులు చాలావరకు నీటిలో తేలాడే పొడి. సీసా కదలకుండా ఉంటే పొడి అడుక్కి దిగుతుంది. బాగా కుదపకుండా మొదలుపెడితే ముందు తాగిన జీవాలకు పలచటి మందు, చివరి వాటికి చిక్కటి మందు పడుతుంది. మధ్యమధ్యలో కూడా కుదుపుతూ ఉండాలి. డ్రెంచింగ్ గన్ వాడేవాళ్ళు మందు పోసే ముందు దానితో నీళ్ళు కొట్టి చూసుకోవాలి. 25 దగ్గర పెట్టి కొలపాత్రలోకి నాలుగు సార్లు వదిలితే 100 మిల్లీలీటర్లు రావాలి. 90 దగ్గర ఆగితే లోపలి రబ్బరు వాషర్ అరిగిందనో, గాలి బుడగ చిక్కుకుందనో అర్థం. దాన్ని బాగుచేసి, మళ్ళీ నీళ్ళతో కొలిచి, 100 వచ్చాకే అందులో మందు నింపాలి.